‘రాలేను’కీ ‘రాలేకపోతున్నాను’కీ మధ్య ఉన్న ఉద్యోగం

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఏ. ఇంగ్లిష్ ఫస్ట్ క్లాస్. ఒక అనువాద సంస్థ పరీక్షలో, మీటింగ్‌కు రాలేనని మర్యాదగా చెప్పే ఆఫీసు ఈమెయిల్‌ను తెలుగు చేయమన్నారు. చేసి పంపితే ‘అర్థం సరిపోయింది, మర్యాద పోయింది’ అని తిప్పి పంపారు. భాషలు చదివితే ఇంతేనా అనిపిస్తోంది. ఆరు నెలల డేటా సైన్స్ కోర్సులో చేర్పించమంటారా? రెండింటిలో ఏది మేలు? — ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ భయం కోర్సు గురించి కాదండీ. రెండు భాషలూ వచ్చిన పిల్ల ఒక చిన్న ఈమెయిల్ దగ్గర ఆగిపోయిందంటే ఇక దేనికీ పనికిరాదేమోనని మీ భయం. ఆమె చేసిన తప్పులు ఈ పరీక్ష రాసే చాలామంది చేసేవే, దిద్దుకోవచ్చు. అవేమిటో ముందు చూద్దాం.

ఇలాంటి పరీక్షల్లో సాధారణంగా కనిపించే అనువాదం ఇది: ‘ప్రియమైన శ్రీనివాసరావు, గురువారం మధ్యాహ్నం 3 గంటల సమీక్షా సమావేశానికి ఆహ్వానించినందుకు ధన్యవాదాలు. దురదృష్టవశాత్తు, నాకు ముందస్తు నిబద్ధత ఉన్నందున నేను హాజరు కాలేను. దయచేసి మేము శుక్రవారం ఉదయం కలవగలమా? లేదంటే నా సహోద్యోగి కిరణ్ హాజరవుతాడు. ఏదైనా అసౌకర్యానికి క్షమాపణలు కోరుతున్నాను. మీ ప్రత్యుత్తరం కోసం ఎదురుచూస్తున్నాను.’ వ్యాకరణం బాగానే ఉంది. కానీ దీన్ని అందుకున్న శ్రీనివాసరావు గారు తప్పకుండా నొచ్చుకుంటారు.

అసలు మెలిక క్రియలో ఉంది. ఇంగ్లిష్‌లో ‘అన్‌ఫార్చునేట్లీ’, ‘ఐ యామ్ అఫ్రెయిడ్’ అనే మాటలు ముందు వచ్చి, ‘కాదు’ అన్న దెబ్బను మెత్తబరుస్తాయి. తెలుగులో ఆ మెత్తదనాన్ని వాక్యం చివర క్రియే మోస్తుంది. ‘రాను’ అంటే ఇష్టం లేదని. ‘రాలేను’ అంటే తలుపు వేసేసినట్టు. ‘రాలేకపోతున్నాను’ అంటే రావాలనే ఉంది, కుదరడం లేదు అని. ‘రావడానికి వీలుపడటం లేదు’ అంటే తప్పు మనిషిది కాదు, పరిస్థితిది. ఈ చివరి రెంటిలో ఏదో ఒకటి పెడితే ‘దురదృష్టవశాత్తు’ అవసరమే ఉండదు. అది ప్రమాదాల వార్తల్లో వినపడే మాట, మీటింగ్ తప్పినందుకు మోయలేనంత బరువు. అలాగని మెత్తగా ఉంటుందని ‘రాలేకపోవచ్చు’ అని రాయకూడదు. మూలంలో రానని ఖాయంగా ఉంది. ఇక్కడ అనుమానం కలిపితే ఆయన కుర్చీ వేసి ఎదురుచూస్తారు.

కారణం ముందు, కాదన్న మాట తర్వాత రావాలి. ‘ప్రయర్ కమిట్‌మెంట్’ అంటే నిబద్ధత కాదు, ముందే ఒప్పుకున్న పని. ఆ పని ఏమిటో మూలంలో లేదు కాబట్టి, మర్యాద కోసమని ‘ఇంట్లో శుభకార్యం’ లాంటిది కల్పించడం కుదరదు. అనువాదకురాలికి ఆ హక్కు లేదు.

ఇక ‘కుడ్ వుయ్ మీట్’. ఇంగ్లిష్‌కు ఉన్నది ఒక్క ‘వుయ్’. మనకు ‘మేము’, ‘మనం’ రెండున్నాయి. ‘మేము కలవగలమా’ అంటే శ్రీనివాసరావు గారిని పక్కన పెట్టి ఇంకెవరో కలుస్తున్నట్టు. ఇక్కడ ‘మనం’ రావాలి. ‘దయచేసి’ ఉన్నంత మాత్రాన మర్యాద వచ్చేయదు. మనకది ఎక్కువగా కనపడేది ‘దయచేసి చెప్పులు ఇక్కడ విడవండి’ అన్న బోర్డుల్లోనే. ‘మీకు వీలైతే’ అని మొదలుపెట్టి ‘వీలవుతుందా’ అని అడిగితే, నిర్ణయం ఆయన చేతిలో పెట్టినట్టవుతుంది.

కిరణ్ అన్న పేరు పరీక్ష పెట్టేవాళ్లు కావాలనే ఎంచుకుని ఉండవచ్చు. ఆ పేరు ఆడవాళ్లకూ ఉంటుంది, మగవాళ్లకూ ఉంటుంది. ‘హాజరవుతాడు’ అని రాస్తే మర్యాదా పోతుంది, బహుశా మనిషే మారిపోతారు. ‘కిరణ్ గారు వస్తారు’ అంటే రెండు చిక్కులూ ఒకేసారి తీరతాయి.

చివరి వాక్యం స్టేషన్ ప్లాట్‌ఫాం మీద మైకులో వినపడే ‘అసౌకర్యానికి చింతిస్తున్నాము’ లాగా ఉండకూడదు. ‘క్షమాపణలు కోరుతున్నాను’ పెద్ద తప్పు చేసినవాళ్లు అనేది. ఇవన్నీ సరిచేస్తే ఇలా వస్తుంది:

‘శ్రీనివాసరావు గారికి,
నమస్కారం. గురువారం మధ్యాహ్నం 3 గంటల సమీక్షా సమావేశానికి నన్ను పిలిచినందుకు ధన్యవాదాలు. ఆ సమయానికి ముందే ఒప్పుకున్న పని ఒకటి ఉండటంతో రాలేకపోతున్నాను. మీకు వీలైతే శుక్రవారం ఉదయం మనం కలవడానికి వీలవుతుందా? గురువారమే జరగాలంటే నా బదులు నా సహోద్యోగి కిరణ్ గారు వస్తారు. మీకు కలిగే ఇబ్బందికి మన్నించండి. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.
నమస్కారాలతో,’

‘ప్రియమైన’ ఎగిరిపోయింది, ‘గారు’ వచ్చింది. ‘భవదీయుడు’, ‘భవదీయురాలు’ అన్న చిక్కు రాకుండా ‘నమస్కారాలతో’ సరిపోయింది. రెండోసారి రాసేటప్పుడు చాలామంది భయంతో అటు చివరికి వెళ్లిపోతారు: ‘తమరి అమూల్య సమయం’, ‘సవినయంగా మనవి చేసుకుంటున్నాను’. అది అర్జీ భాష. ఉద్యోగి రాసిన ఉత్తరాన్ని అర్జీగా మార్చినా తిప్పి పంపుతారు.

సరిచూసుకోవడానికి మీ అమ్మాయిని రెండు పనులు చేయమనండి. ఇంగ్లిష్ పక్కన పెట్టి, తెలుగును శ్రీనివాసరావు గారితో ఫోన్‌లో చెబుతున్నట్టు పైకి చదవాలి. ఎక్కడ నోరు తడబడుతుందో అక్కడ ఇంకా ఇంగ్లిష్ దాక్కుని ఉంటుంది. తర్వాత మూలం తీసి ఏ సమావేశం, రాకపోవడం, కారణం, శుక్రవారం, కిరణ్, జవాబు, ఈ ఆరూ ఉన్నాయా, ఏడోది చేరిందా అని చూసుకోవాలి.

డేటా సైన్స్ సంగతి. నాకు అనుమానాలున్నాయి, దాచను. ఆ రంగం మంచిదే. కానీ ఆరు నెలల సర్టిఫికెట్‌తో ఎం.ఏ. ఇంగ్లిష్ అమ్మాయి, నాలుగేళ్లు గణితమూ ప్రోగ్రామింగూ చదివిన పిల్లల పక్కన ఇంటర్వ్యూలో కూర్చోవాలి. అక్కడ అడిగేది సర్టిఫికెట్ కాదు. సంభావ్యత, గణాంకాలు, డేటాబేస్‌ల నుంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్ భాష అడుగుతారు. లెక్కలు ఎప్పుడు వదిలేసిందో ఆమెను అడిగారా? ఆ పని ఇష్టమేనా అని అడిగారా? మీ ఉత్తరంలో ఆమె మాట ఒక్కటీ లేదు. ఒక్క ఈమెయిల్ తిరిగి వచ్చిందని ఫీజు కట్టేయడం మీ ఆందోళనకు మందు వేసుకోవడమే, దాన్ని ఆమెతో మింగించకండి. నిజంగా ఆమెకు ఆసక్తి ఉంటే ముందు నెల రోజులు ఇంట్లోనే ఎస్‌క్యూఎల్, ప్లస్ టూ స్థాయి గణాంకాలు చేసి చూడమనండి. ఆ తర్వాత ఫీజు మాట.

అనువాదంలోనూ కష్టాలున్నాయి. బయటినుంచి చేసేవాళ్లకు తరచూ పదాల లెక్కన చెల్లిస్తారు, పని ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. అందుకే మొదట్లో దీని మీదే ఆధారపడటం మంచిది కాదు. పద్ధతిగా నేర్చుకోవాలంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్రం, అనువాద అధ్యయనాల కేంద్రం ఉంది. మైసూరులోని జాతీయ అనువాద మిషన్ అనువాదకులకు శిక్షణ కార్యక్రమాలు నడుపుతుంది.

పరీక్ష పెట్టిన సంస్థకు ఈ వారమే ఒక ఉత్తరం రాయమనండి. ఏది ఎలా రాయాలో చెప్పే వాళ్ల శైలి పుస్తకం పంపగలరా, మళ్లీ రాయడానికి వీలవుతుందా అని అడగాలి. తెలుగులోనే రాయమనండి.