చుర్రోలు నూనెలో పేలుతున్నాయి

"చుర్రోలు వేయగానే టప్పుమని పేలి నూనె చిందింది. లోపల పచ్చిగా ఉంది. కోన్‌కి గుండ్రటి కన్నం పెట్టి వత్తాను. పొరపాటు ఎక్కడ?"

ఆ గుండ్రటి కన్నం దగ్గరేనండీ. నున్నగా ఉన్న పిండికి పైపొర ముందే గట్టిపడుతుంది, లోపలి ఆవిరికి దారి ఉండదు. అందుకే పగులుతుంది. గాడులుంటే పిండి సమంగా ఉడుకుతుంది. స్పెయిన్‌లో ఎక్కువగా నక్షత్రం కన్నం వాడేది అందుకే. మన జంతికల గొట్టానికి నక్షత్రం బిళ్ళ వేసినా చాలు, కన్నం మాత్రం వేలి లావుండాలి.

కప్పు మైదాకి కప్పు నీళ్ళు, అర చెంచా ఉప్పు, చెంచా నూనె. నీళ్ళు తెర్లుతుండగానే పిండిలో ఒకేసారి పోసి, పొడి ఉండలు మిగలకుండా కలపండి. గోరువెచ్చని నీళ్ళైతే పిండి ఉడకదు. పది నిమిషాలయ్యాక గొట్టంలో గాలి మిగలకుండా అదిమి నింపండి. గాలిబుడగ ఉన్నా పేలుతుంది.

నూనె 185 డిగ్రీలుండాలి. 170కి దిగితే నూనె పీలుస్తాయి, 200 దాటితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. మీకు జరిగింది ఇదీ కావచ్చు. నాలుగేసి మాత్రమే వేసి, 3, 4 నిమిషాలు వేయించండి.

కాగితం మీద అర నిమిషం ఉంచి, వేడిగానే పంచదారలో దొర్లించండి. ఆరితే అంటదు. అర కప్పు పంచదారకి చెంచా దాల్చినచెక్క పొడి. ఈ దాల్చినచెక్క మెక్సికో అలవాటు, స్పెయిన్‌లో ఎక్కువగా చిక్కటి చాక్లెట్‌లో ముంచుకుంటారు.