జీతం లేని వాలంటీరు పనితీరును ఎలా అంచనా వేయాలి?

ప్రశ్న: మా ఊళ్లో ప్రభుత్వ బడి పిల్లలకు సాయంత్రం పూట చదువు చెప్పిస్తున్నాం. పదకొండు మంది వాలంటీర్లు, ఎవరికీ జీతం లేదు, లక్ష్యాలూ లేవు. ఇప్పుడు దాత ఒకరు "ఒక్కొక్కరి పనితీరు ఎలా ఉందో రాసివ్వండి" అన్నారు. ఊరికే వచ్చి చేసేవాళ్లను తూకం వేయడానికి మనసొప్పడం లేదు. వేయకపోతే పిల్లలకు అన్యాయమేమో అనిపిస్తోంది. ఎవరైనా చేసి చూశారా?

జవాబు:

చేశాం. మొదటి రెండేళ్లు తప్పుగా చేశాం కాబట్టి ముందు అదే చెబుతాను.

వరంగల్‌లో ఒక బస్తీ కమ్యూనిటీ హాలులో తొమ్మిదేళ్లుగా ఆదివారం చదువు తరగతి నడుపుతున్నాను. మూడో తరగతి, నాలుగో తరగతికి వచ్చినా కూడబలుక్కుని కూడా చదవలేని పిల్లలు మా దగ్గరికి వస్తారు. ఒక్కో వాలంటీరుకు ఐదారుగురు పిల్లలు, రెండు గంటల సమయం. మొదట్లో గోడ మీద ఒక బోర్డు పెట్టి, ఎవరు ఎన్ని గంటలు వచ్చారో రాసేవాళ్లం. నెల తిరక్కుండానే మార్పు కనిపించింది. గంటన్నరలో చక్కగా పాఠం ముగించి వెళ్లే ఒకాయన, మిగిలిన అరగంట ఫోను చూసుకుంటూ కూర్చోవడం మొదలుపెట్టాడు. పరీక్షల వల్ల రెండు ఆదివారాలు రాలేకపోయిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని, తన పేరు బోర్డులో అట్టడుగున చూసుకుని మానేసింది. ఇంటికి వెళ్లి అడిగితే, "నేను అక్కడికి ర్యాంకు కోసం రాలేదండీ" అంది. మా దగ్గర అందరికన్నా ఓపికగా చెప్పే అమ్మాయి ఆమే. బోర్డు తీసేశాం గానీ ఆమె మళ్లీ రాలేదు.

తర్వాతి ఏడాది ఇంకో పొరపాటు చేశాం. పిల్లల ప్రగతినే వాలంటీరు మార్కుగా లెక్కించాం. పిల్లల చదువు స్థాయి తెలుసుకోవడానికి ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వేలో వాడే చదువు పరీక్ష మీకు తెలిసే ఉంటుంది. ఒకే కాగితం మీద అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. ఐదు పదాలు చదవమంటే కనీసం నాలుగు సరిగ్గా చదివితే పదాల స్థాయి. పేరాను మూడు తప్పులకు మించకుండా, పదం పదం విడగొట్టకుండా వాక్యంలా చదివితే పేరా స్థాయి. ఒక్కో పిల్లకు ఐదు నిమిషాలు చాలు. పరీక్ష మంచిదే, మేము వాడిన తీరే తప్పు. దసరాకు ఊరెళ్లి నెలరోజులు రాని పిల్లాడు, ఇంట్లో అక్క రోజూ చదివించే పిల్ల ఒకే గుంపులో ఉంటారు. ఒకరి వెనుకబాటు గానీ ఇంకొకరి ముందడుగు గానీ వాలంటీరు ఖాతాలో వేయలేం. పైగా మార్కులు తమవే అనిపించేసరికి, కొందరు చురుకైన పిల్లలను తమ గుంపులోకి అడగడం మొదలుపెట్టారు.

అందుకే ఇప్పుడు ఆ పరీక్షను మూడు నెలలకోసారి పెడతాం గానీ, దాన్ని బట్టి ఎవరికీ మార్కు వేయం. ఏ గుంపు పక్కన వెళ్లి కూర్చోవాలో మాత్రమే అది నాకు చెబుతుంది. అసలు అంచనా అంతా అలా కూర్చున్నప్పుడే తెలుస్తుంది. ఒక ఉదాహరణ చెబితే స్పష్టంగా ఉంటుంది.

బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మా దగ్గర ఉన్నారు. ఒక్క ఆదివారం మానలేదు, ఒక్కసారి ఆలస్యం కాలేదు. పిల్లలకు ఆయనంటే ప్రాణం. ఆయన గుంపులో ఆరుగురు. జూన్‌లో ఇద్దరు అక్షరాల దగ్గర, నలుగురు పదాల దగ్గర ఉన్నారు. సెప్టెంబరు పరీక్షలో ఒక్కరే ఒక మెట్టు ఎక్కారు. బోర్డు లెక్కన చూస్తే ఆయనదే మొదటి స్థానం. మార్కుల లెక్కన చూస్తే ఆఖరి స్థానం. రెండూ ఆయన గురించి ఏమీ చెప్పవు.

ముందే చెప్పి, ఒక ఆదివారం ఆయన గుంపులో పిల్లల మధ్య చాప మీద కూర్చున్నాను. ఆయన పుస్తకంలో ఒక వాక్యం చదివారు. పిల్లలు ఒకే గొంతుతో అన్నారు. మళ్లీ చదివారు, మళ్లీ అన్నారు. వింటుంటే ముచ్చటగా ఉంది. నా పక్కనున్న పిల్ల వేలు మాత్రం నోటితో పాటు కదలడం లేదు. అందరూ "గట్టు మీద" అంటున్నప్పుడు దాని వేలు ఇంకా మొదటి మాట దగ్గరే ఉంది. పాఠం అయ్యాక, వాక్యం మధ్యలో "మీద" అన్న మాట చూపించి ఇదేమిటి అని అడిగాను. ఆ పిల్ల తలెత్తలేదు. వాక్యం మొదటికి వెళ్లి, లోపల్లోపల ఒక్కో మాటా అనుకుంటూ లెక్కపెట్టుకుంటూ వచ్చి, అప్పుడు "మీద" అంది. చదవడం కాదది, కంఠతా పట్టిన వాక్యంలో మాట ఎక్కడుందో వెతుక్కోవడం. అదే "మీద"ను విడిగా ఒక చీటీ మీద రాసి ఇస్తే "యీద" అంది. మ, య ఇంకా విడిపడలేదన్నమాట. మూడు నెలలుగా ఆ పిల్ల అందరితో పాటు గట్టిగా పలుకుతూనే ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఒకరొకరిని విడిగా చదివించినప్పుడు ఇంకో సంగతి గమనించాను. పిల్లాడు ఒత్తు దగ్గర ఆగితే ఆయన వెంటనే అందించేస్తున్నారు. మనసులో లెక్కపెట్టాను, ఒకటి అనేలోపే. ఇది ఆయన ఒక్కరి అలవాటు కాదు. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్సు తరగతులను రికార్డు చేసి 1970లలో ప్రకటించిన పరిశోధనలో, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెరిగాయి, పొడవూ పెరిగింది. తెలుగు చదివేటప్పుడు గుణింతం, ఒత్తు రెండూ కలిసిన అక్షరం దగ్గర మా పిల్లలకు అంతకన్నా ఎక్కువే పడుతుంది. ప్రేమ ఎక్కువైనవాళ్లే తొందరగా అందిస్తారని కూడా నేను చూశాను. పిల్లాడు ఇబ్బంది పడుతుంటే వాళ్లు చూడలేరు.

ఇప్పుడు ఆయనతో ఏం చెప్పాలి? జీతమిచ్చే ఉద్యోగికి చెప్పినట్టు చెప్పలేను. చెప్పకుండా ఊరుకుంటే, ఆయన మంచితనానికి ఆ ఆరుగురు పిల్లల ఏడాదిని ధర కడుతున్నట్టు. ఆ వారంలోనే వాళ్లింటికి వెళ్లాను. "మీరు బాగా చెబుతున్నారు గానీ" అని మొదలుపెట్టలేదు. ఆ "గానీ" తర్వాత వచ్చేదే మనిషి చెవిన పడుతుంది. చూసింది చూసినట్టు చెప్పి, ఆ పిల్ల వేలు ఎక్కడుందో, "మీద" కోసం ఎలా వెతుక్కుందో వివరించి, చీటీ ఆయన చేతిలో పెట్టాను. ఆయన చాలాసేపు దాన్నే చూశారు. "మరి అంత గట్టిగా చదువుతుంది కదమ్మా" అన్నారు. తర్వాత, "నన్నేం చేయమంటావు?" అని అడిగారు. ఒకటే అడిగాను. ప్రతి ఆదివారం చివరి ఇరవై నిమిషాలు ఒక్కొక్కరితో విడిగా, కొత్త చీటీలతో చదివించండి, ఆగిన చోట మనసులో ఐదు లెక్కపెట్టండి అని. రెండో మార్పు అడగలేదు. ఒకసారికి ఒకటే అడగాలన్నది నేను గట్టిగా పాటించే నియమం.

డిసెంబరుకు ముగ్గురు పేరా స్థాయికి వచ్చారు. ఇద్దరు పదాల దగ్గర ఉన్నారు, అందులో ఆ పిల్ల ఒకతె. ఆరో పిల్లాడి కుటుంబం ఇటుక బట్టీల పనికి వలస వెళ్లింది. వాడు అక్షరాల దగ్గరే ఆగిపోవడం ఆయన తప్పు కాదని ఆయన కాగితంలో ప్రత్యేకంగా రాశాను.

ఆ కాగితం గురించి మీకు పనికొస్తుంది. మూడు నెలలకోసారి ఒక్కో వాలంటీరుతో అరగంట మాట్లాడి ఒక పేజీ రాస్తాను. అందులో నేను కళ్లారా చూసినవే ఉంటాయి. "అంకితభావం గలవారు", "చురుకైనవారు" లాంటి మాటలు ఉండవు. తర్వాత ఏ ఒక్కటి మార్చుకుందామనుకున్నామో ఉంటుంది. కింద సగం పేజీ వాళ్లకు వదిలేస్తాను. మా వైపు లోపాలు అక్కడ బయటపడతాయి. ఒకరు "మీరు ఇచ్చిన పుస్తకాల్లో అక్షరాలు మరీ చిన్నవి" అని రాశారు, నిజమే. దాతకు ఈ కాగితాలు ఇవ్వను. పిల్లలు ఏ స్థాయి నుంచి ఏ స్థాయికి వచ్చారో మొత్తంగా ఇస్తాను, వాలంటీర్లను ఎలా గమనిస్తున్నామో రెండు పేరాల్లో రాస్తాను. పేరు పేరునా మార్కులు కావాలంటే ఎందుకు ఇవ్వలేమో వెళ్లి కూర్చుని చెబుతాను. మా దాత ఒప్పుకున్నారు. మీ దాతను కూడా ఒకసారి తరగతికి పిలిచి చాప మీద కూర్చోబెట్టండి.

హాజరు విషయంలో మేము చూసేది ఒక్కటే, రాలేనప్పుడు ముందే చెప్పారా లేదా. శనివారం రాత్రి ఫోను చేస్తే ఆ పిల్లలను వేరే గుంపులో సర్దుతాం. చెప్పకుండా మానేస్తే ఆరుగురు పిల్లలు గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటారు. వరుసగా రెండుసార్లు అలా జరిగితే గుంపు బాధ్యత తీసేసి, వచ్చిన రోజు సాయం చేసే పని ఇస్తాం. అది శిక్ష కాదని, వాళ్ల తీరికకు తగిన పని అని ముందే చెప్పి ఉంచుతాం. కొందరు ఆ పనిలోనే హాయిగా ఉన్నారు.

ప్రతిఫలం మాటకొస్తే, ఏడాది చివర అందరికీ ఒకే శాలువా, ఒకే సర్టిఫికెట్ ఇవ్వడం మానేశాం. ఆటో ఖర్చు మాత్రం అడగకుండానే ఇస్తాం, ఎందుకంటే అడగడానికి మొహమాటపడి మానేసినవాళ్లున్నారు. చదువుకునే పిల్లలకు సిఫారసు లేఖ కావాలి. వాళ్ల కాగితాల్లో ఉన్నదే లేఖలో రాస్తాను, ఉదాహరణకు "ప, వ తేడా తెలియని నలుగురు పిల్లలకు ఇసుక మీద రాయించి నేర్పింది" అని. అలాంటి లేఖ అందరికీ రాయలేను. అది వాళ్లకూ తెలుసు. పెద్దాయనకు లేఖలు అక్కర్లేదు. కొత్తగా వచ్చిన ఇద్దరిని ఆయన పక్కన కూర్చోబెట్టి, ఎలా ఆగాలో నేర్పమన్నాం. ఆ రోజు ఆయన ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, అరగంట ముందే వచ్చారు.

మూడు విషయాల్లో మాత్రం పరిశీలన, సంభాషణ, ఒకసారికి ఒకటే మార్పు అనేవేవీ ఉండవు. పిల్లల మీద చేయి చేసుకోవడం, ఒంటరిగా గదిలో ఉంచడం, వాళ్ల ఫోటోలు తీసి పంచుకోవడం. చేరినప్పుడే ఈ మూడూ చేయకూడదని రాసి సంతకం తీసుకుంటాం. ఒకసారి, ఎంతో కాలంగా వస్తున్న ఒకాయన పిల్లాడి చెవి మెలిపెట్టారు. ఆ రోజే ఆయనను పక్కకు పిలిచి, ఇకపై రావద్దని చెప్పాను. లైంగిక వేధింపు అనుమానం ఉంటే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయాల్సిందే. అక్కడ మన ఇష్టంతో పని లేదు.

మీకు పదకొండు మంది ఉన్నారు కదా, అందరి కాగితాలూ ఒకేసారి రాయాలని కూర్చోకండి. వచ్చే వారం ఒకరికి ముందుగా చెప్పి, పదిహేను నిమిషాలు పిల్లల పక్కన కూర్చుని, ఒక్క పిల్ల వేలు మాత్రమే గమనించండి. ఆ పదిహేను నిమిషాలే మొదటి కాగితంలో రాయండి.