పెప్టైడ్ సీరమ్‌కి అంత డబ్బు పెట్టాలా?

"30 మి.లీ. పెప్టైడ్ సీరమ్ 2,400 రూపాయలు. 5% మాట్రిక్సిల్ అని రాసుంది. ముడతలు తగ్గుతాయా, కొనమంటారా?"

ఆ ధరకైతే వద్దండి. మాట్రిక్సిల్ అనే ద్రావణంలో పనిచేసేది పామిటాయిల్ పెంటాపెప్టైడ్-4 అనే పెప్టైడ్, అంటే చిన్న ప్రొటీన్ ముక్క. దాని మీద 2005లో వచ్చిన అధ్యయనంలో 93 మంది మహిళలు 12 వారాలు ముఖానికి ఒక పక్క పెప్టైడ్ ఉన్న క్రీమ్, రెండో పక్క అది లేని క్రీమ్ రాసుకున్నారు. సన్న గీతలు కొద్దిగా తగ్గాయి, తేడా నిజమే. కాకపోతే చేసింది క్రీములమ్మే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వాళ్లే.

అందులో వాడిన పెప్టైడ్ పది లక్షల పాళ్లలో 3 పాళ్లు. ఆ లెక్కన 30 మి.లీ. సీసాకి 0.09 మిల్లీగ్రాములు, ఉప్పు రవ్వంత. లేబుల్ మీది 5% ఆ పెప్టైడ్ శాతం కాదు, దాన్ని కలిపిన ద్రావణం శాతం. మిగతాదంతా గ్లిజరిన్, నీళ్లలాంటివే. చాలామంది మోసపోయేది ఇక్కడే, నాకు బాధనిపించేదీ ఇదే.

ఇదే పెప్టైడ్ 600, 700 రూపాయల్లో దొరికితే వాడి చూడండి, మంట పుట్టించడం అరుదు. ముడతలే మీ టెన్షన్ అయితే ట్రెటినాయిన్ అనే విటమిన్ ఎ రకం మందుకి రుజువులు చాలా ఎక్కువ. అది డాక్టర్ని అడిగే వాడాలి, గర్భంతో ఉంటే అసలు వద్దు. ముందైతే రోజూ సన్‌స్క్రీన్ రాయండి.