బరువెక్కిన ఫ్లాష్‌కార్డును విడగొట్టడం

లెక్చర్ నోట్సులోంచి ‘ఇన్సులిన్’ అని ఒకే కార్డు రాసుకున్నాను, వెనుక నాలుగైదు విషయాలున్నాయి. దీన్నెలా విడగొట్టాలి?

మూడు గుర్తొచ్చి ఒకటి మరిచిపోయినప్పుడు ఆ కార్డును ఒప్పుగా గుర్తిస్తే మరిచినది మరుగున పడుతుంది, తప్పుగా గుర్తిస్తే వచ్చినవాటినే మళ్లీ మళ్లీ చదవవలసి వస్తుంది. అందుచేత ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క ప్రశ్న రాయండి: ‘ఇన్సులిన్‌ను స్రవించే కణాలేవి?’ (బీటా కణాలు), ‘బీటా కణాలు ఏ గ్రంథిలో ఉంటాయి?’ (క్లోమం), ‘ఇన్సులిన్ ఎ గొలుసులో అమైనో ఆమ్లాలెన్ని?’ (21), ‘బి గొలుసులో?’ అని కాక ‘ఇన్సులిన్ బి గొలుసులో అమైనో ఆమ్లాలెన్ని?’ (30). కార్డులు వరుస తప్పి వస్తాయి కనుక ప్రతి ప్రశ్నలోనూ ఇన్సులిన్ పేరు గానీ, కణం పేరు గానీ ఉండి తీరాలి.

‘ఇన్సులిన్ ఏం చేస్తుంది?’ అన్నది చిన్నగా కనిపించినా పాత కార్డే, ఎందుకంటే దానికి సరైన జవాబులు చాలా ఉన్నాయి. ‘కాలేయంలో గ్లైకోజెన్ తయారీని ఇన్సులిన్ పెంచుతుందా, తగ్గిస్తుందా?’ (పెంచుతుంది) అని అడిగితే ఒక్కటే మిగులుతుంది.