“ఖేద్ హై” అనేది రైల్వేవాళ్ళు

చిరంజీవికి,

నీ కథ మంగళవారం చేరింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కాన్పూర్ స్టేషన్ సీను దగ్గర నవ్వొచ్చి ఆగాను. రెండోసారి అక్కడే కోపమొచ్చి ఆగాను. పెళ్ళాం పురిటికి విజయవాడ వెళ్తోంది, రైలు కదలబోతోంది, కాన్పూర్‌లోనే పుట్టి పెరిగిన మొగుడు కిటికీ ఊచలు పట్టుకుని ఏమన్నాడని రాశావు?

“ప్రియే, మై తుమ్‌సే ప్రేమ్ కర్ రహా హూ. మై సదా తుమ్హారీ ఆలోచనా కర్తా రహూంగా. సాథ్ నహీ ఆ సకా, ముఝే ఖేద్ హై.”

నాయనా, ఏ కాన్పూర్‌లో అంటారు ఈ మాటలు?

చివరి వాక్యంతో మొదలెడతాను. రైలు ఆలస్యమైనప్పుడు ఉత్తరాది స్టేషన్లలో మైకులో వినబడే మాట అది. “అసువిధా కే లియే హమే ఖేద్ హై.” మన స్టేషన్లలో “చింతిస్తున్నాము” అంటారే, అచ్చం అదే. పెళ్ళాంతో “నీతో రాలేకపోతున్నందుకు చింతిస్తున్నాను” అన్న తెలుగు మొగుణ్ణి ఎక్కడైనా చూశావా? నీ సీనులో హీరో ఆ మాట అనేసరికి అది అతని నోట్లోంచి వచ్చిందా, వెనక మైకులోంచి వచ్చిందా నాకు అర్థం కాలేదు. ఇంట్లో ‘సారీ’ అంటారు, ‘మాఫ్ కర్ దో’ అంటారు. ఎక్కువసార్లు ఏమీ అనకుండా చాయ్ పెట్టి తెచ్చిస్తారు.

రెండో వాక్యం ఇంకా ఘోరం. ‘ఎప్పుడూ నీ ఆలోచనే’ అని తెలుగులో అనుకుని హిందీలో పెట్టావు. మనకు ఆలోచన అంటే తలపు. వాళ్ళకు ‘ఆలోచనా’ అంటే విమర్శ. “నిన్ను ఎల్లకాలం విమర్శిస్తూనే ఉంటాను” అని నీ హీరో రైలెక్కిస్తూ పెళ్ళానికి మాటిచ్చాడు. చాలామంది మొగుళ్ళు ఆ మాట నిలబెట్టుకుంటారనుకో, అది వేరే సంగతి. ‘అభిమానం’ కూడా అలాంటిదే. నాలుగో పేజీలో అత్తగారికి కోడలి మీద ‘అభిమాన్’ అని రాశావు. హిందీలో దానికి గర్వమని అర్థం, ఇంట్లో మాటల్లో పొగరనే. సంస్కృతం మాట రెండు భాషల్లోనూ ఉంది కదా అని ధైర్యంగా అడుగేస్తాం, మనవాళ్ళందరం పడే గుంట అదే.

ఇక ‘ప్రేమ్’ దగ్గరికి వస్తాను. నాకు ఒళ్ళు మండింది అక్కడే, ఎందుకంటే ఆ గుంటలో నేనే ముందు పడ్డాను.

నేను హిందీ నేర్చుకున్నది దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలతో. ప్రాథమిక్, మధ్యమా, రాష్ట్రభాషా, అలా విశారద్ దాకా. గాంధీగారు 1918లో మద్రాసులో మొదలుపెట్టించిన పని అది, మా తరం ఆడపిల్లలకు పదో తరగతి పక్కన అదొక రెండో చదువు. అలా నేర్చిన హిందీతో కాన్పూర్ అబ్బాయిని చేసుకున్నాను. పెళ్ళయిన మూడో వారం, డాబా మీద, ధైర్యం కూడదీసుకుని “మై ఆప్‌సే ప్రేమ్ కర్తీ హూ” అన్నాను. ఆయన ఒక్క క్షణం చూసి, పకపకా నవ్వి, “ప్రేమ్ తో రాధా నే కియా థా. తుమ్ ప్యార్ కర్ లో” అన్నారు. రాధ చేసినది ప్రేమ్, నువ్వు ప్యార్‌తో సరిపెట్టుకో అని. నేను కిందికి దిగిపోయి రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజుల్లో నాకు తెలిసిందేమిటంటే, మన ‘ప్రేమ’, వాళ్ళ ‘ప్రేమ్’ ఒక్క తల్లి బిడ్డలే అయినా వేరువేరు ఇళ్ళలో పెరిగారు. మన ‘ప్రేమ’ వీధిలోకి వచ్చేసింది. కాలేజీ పిల్లలు అంటారు, అమ్మమ్మలూ అంటారు. వాళ్ళ ‘ప్రేమ్’ భజనలో ఉంటుంది, ఉపన్యాసంలో ఉంటుంది, మగపిల్లల పేర్లలో ఉంటుంది. అన్నిటికన్నా ఎక్కువగా పేపర్లో నేరవార్తల్లో ఉంటుంది. ‘ప్రేమ్ ప్రసంగ్ మే యువక్ కీ హత్యా’ అని. అదే జంట గురించి పక్కింటివాళ్ళు మాట్లాడుకునేటప్పుడు ‘లవ్ మ్యారేజ్’, ‘చక్కర్’, ‘అఫైర్’ అంటారు. ప్రేమ్ అనరు.

అయితే ప్రేమ్ తీసేసి ఇష్క్, మొహబ్బత్ పెడదామా అని నువ్వు రాస్తావు, నాకు తెలుసు. అవీ పుస్తకాల్లోవే. అలమరా వేరు, అంతే. పాటలో బాగుంటాయి, షాయరీలో బాగుంటాయి. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ‘ముఝే తుమ్‌సే మొహబ్బత్ హై’ అంటే ఏదో ఆఫీసు ఫంక్షన్‌కి రిహార్సల్ చేస్తున్నాడనుకుంటుంది ఆవిడ. మరి ‘యాద్’, ‘ఇంత్‌జార్’, ‘దిల్’ కూడా పారసీ, అరబ్బీల వైపు నుంచి వచ్చినవే కదా? అవి రోజూ వంటింట్లో తిరుగుతాయి. అదే ఎదురుచూపుకి సంస్కృతం మాట ‘ప్రతీక్షా’ వెయిటింగ్ రూము బోర్డు మీద ‘ప్రతీక్షాలయ్’ అయి కూర్చుంది. కాబట్టి మాట ఎక్కడ పుట్టిందని చూడకు, ఇప్పుడు ఎక్కడ కాపురముంటోందో చూడు. నా పరీక్ష ఒకటే. కుక్కర్ కూత వేస్తుండగా వంటింట్లోంచి హాల్లోకి కేకేసి చెప్పగలిగితే అది కాపురంలో మాట. ‘ప్రాణేశ్వరీ’ అని కేకేసి చూడు.

ఇంకో సంగతి. ‘ప్రేమిస్తున్నాను’ని నువ్వు ‘ప్రేమ్ కర్ రహా హూ’ చేశావు. హిందీలో ఇలా ‘రహా హూ’ పెట్టరు. అది ప్రస్తుతం చేతిలో ఉన్న పనికి వాడేది. ‘కపడే ధో రహా హూ’ లాగ. ‘ప్యార్ కర్తా హూ’ అనాలి. అది తప్పు కాదు, కానీ అదీ ఒక ప్రకటనలా ఉంటుంది. అసలు నోటి భాష ఇంకోలా నడుస్తుంది. ‘తుమ్ ముఝే అచ్ఛీ లగ్తీ హో.’ ‘తుమ్హారీ యాద్ ఆతీ హై.’ ఎవరు ఏం చేస్తున్నారు ఇందులో? చేసేవాడు లేడు. ఆవిడ నాకు నచ్చుతుంది, తలపు నాకు వస్తుంది. మనం మాత్రం ‘నేను నిన్ను ప్రేమిస్తున్నాను’ అని ఇంట్లో అంటామా? ‘నువ్వంటే నాకిష్టం’ అంటాం. మన ‘నాకు’, వాళ్ళ ‘ముఝే’ ఒకే పని చేస్తాయి. ఈ కీలు తెలిస్తే సంభాషణ సగం నువ్వే రాసేసుకోగలవు.

ఈ మాట నేను ముప్ఫై ఏళ్ళ క్రితం ఒక వారపత్రిక ఎడిటర్‌కి చెప్పబోయాను. ఒక హిందీ ప్రేమకథ అనువాదంలో నాయకుడి మాట ‘నువ్వు లేకపోతే తోచదు’ అని రాసి పంపితే, ఆయన దాన్ని కొట్టేసి ‘నీ వియోగాన్ని నా హృదయం భరించలేదు’ అని అచ్చేశారు. ఫోన్ చేస్తే “ప్రేమకథ కదమ్మా, కొంచెం హృదయం ఉండాలి” అన్నారు. హిందీలో ‘హృదయ్’ ఎక్కువగా వినబడేది ఆసుపత్రిలోనే, ‘హృదయ్ రోగ్’ అని. ఆ మాట అనలేదు, ఇంకా మూడు అనువాదాలు ఆయన దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు టీవీలో డబ్బింగ్ సీరియల్ వస్తుంటే, ప్రతి మొగుడూ ‘ప్రియా’ అని పిలుస్తుంటే, ఆయనే రాస్తున్నాడేమోనని అనుమానం.

పుస్తకం మాటలు అసలు పనికిరావని కాదు. ఉత్తరంలో ‘ప్రియ’ అని మొదలెట్టి ‘తుమ్హారీ ప్రతీక్షా మే’ అని ముగిస్తే ఎవరూ నవ్వరు. కాగితం మీద ఆ మాటకు చోటుంది. నోటితో అనేది సరదాకి. మావారు కూర బాగుంటే ‘ప్రియే’, అప్పడం మాడితే ‘దేవీజీ’ అంటారు. కోపానికీ వాడతారు. నేను పెళ్ళయ్యాక రెండేళ్ళు ఆయన్ని, మన ‘మీరు’ లాగ, ‘ఆప్’ అన్నాను. ఒకరోజు గ్యాస్ అయిపోయి, సిలిండర్ చెప్పలేదని అరుచుకుంటూ నాకు తెలియకుండానే, ‘నువ్వు’ అన్నట్టు, ‘తుమ్’ అన్నాను. ఇద్దరం ఆగిపోయాం. గొడవ అక్కడితో అయిపోయింది. ఆరోజు నుంచి తుమ్మే. ఇప్పుడు నేను ‘ఆప్ ఖానా ఖా లీజియే’ అన్నానంటే ఆయనకి గుండె జారుతుంది. నీ హీరోయిన్ ఒకే పేజీలో మొగుణ్ణి ఆప్, తుమ్, తూ మూడూ అంటుంది. ఏ కారణమూ లేకుండా. కథలో అంతకన్నా పెద్ద సంఘటన ఉండదని తెలిస్తే అలా పారబోసేవాడివి కాదు.

ఇంతకీ స్టేషన్. నేనైతే ఇలా రాస్తాను, నచ్చకపోతే పారెయ్.

“పానీ రఖా?”
“రఖ్ లియా.”
“పహుంచ్‌తే హీ ఫోన్ కర్నా.”
“కర్ దేంగే. తుమ్ ఖానా టైమ్ సే ఖానా.”
(రైలు కదిలింది.)
“సునో...”
“క్యా?”
“మన్ నహీ లగేగా.”

‘మన్ నహీ లగేగా.’ నాకు తోచదు అని. ‘మన్’ కూడా సంస్కృతం నుంచి వచ్చిందే, అయినా ఇంట్లో పుట్టినట్టే ఉంటుంది. ‘తుమ్హారే బినా’ కూడా అక్కర్లేదు, రైలు వెళ్ళిపోతోందిగా. అన్నట్టు, ఆవిడ ‘కర్ దేంగే’ అంది చూశావా? కాన్పూర్ వైపు, ఇంకా తూర్పున, ఒక్కరే ఉన్నా ‘మై’ బదులు ‘హమ్’ అంటారు. ఆడవాళ్ళు కూడా ‘హమ్ జా రహే హై’ అని మగ క్రియే వాడతారు. నాలుగేళ్ళు ఆ ఊళ్ళో కాపురం చేసిన తెలుగమ్మాయికి ఆ యాస అంటుకోకుండా ఉండదు.

వాన చీకట్లో అతను ఆవిడ తడి చెప్పులు తీసి గోడకి నిలబెట్టే ముక్క బాగుంది. అది మాత్రం ముట్టుకోకు.

పోటీ సంగతీ, ఇంగ్లిష్ అనువాదం సంగతీ ఇంకోసారి. తొమ్మిదో పేజీలో మామగారు ‘నక్కో’ అన్నారు. అది మన హైదరాబాదు దక్కనీ. కాన్పూర్ పెద్దాయన చేత అనిపించాలంటే ముందు ఆయన్ని చార్మినార్ దగ్గర పదేళ్ళు కాపురం పెట్టించాలి. తీసెయ్. ఇంకా రాద్దామనుకున్నాను గానీ లోపలినుంచి “చాయ్ ఠండీ హో రహీ హై” అని రెండోసారి వినబడింది.

ఆశీస్సులతో,
నీ పిన్ని వయసు రచయిత్రి