టెక్ సందేహాలు: పన్ను వేస్తే మొత్తం మిగులు పెరిగిందంటున్న షీట్

*సార్, నేను బెంగళూరులో పీజీలో ఉంటూ బీకాం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం 20 లీటర్ల నీళ్ల క్యాన్లతో గూగుల్ షీట్స్‌లో ఒక లెక్క చేశాను. డిమాండ్ Qd = 55 - 0.5P, సప్లై Qs = P - 20. అంకెలు నేను ఊహించుకున్నవే, Q వేల క్యాన్లలో. క్యాన్‌కు 12 రూపాయల పన్ను, అమ్మేవాళ్లు కట్టాలి. పన్నుకు ముందు మొత్తం మిగులు 1350. పన్ను తర్వాత వినియోగదారుల మిగులు 676, ఉత్పత్తిదారుల మిగులు 494, పన్ను ఆదాయం 312, కలిపితే 1482. పన్ను వేస్తే మొత్తం పెరుగుతుందా? లేక షీట్‌లో ఏదైనా సెట్టింగ్ తప్పా? సబ్మిషన్ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.*

సెట్టింగ్ తప్పేమీ లేదు. మీ మూడు అంకెల్లో రెండు సరైనవే. తేడా 494 దగ్గరుంది, అక్కడ 338 రావాలి. మీ షీట్ చూడకుండానే ఎలా చెబుతున్నానంటే, 494 నుంచి 338 తీసేస్తే 156 వస్తుంది. అది మీ పన్ను ఆదాయం 312లో సరిగ్గా సగం. ఇలా సగం పన్ను ఎక్కువ వచ్చిందంటే, గ్రాఫ్‌లో ఉత్పత్తిదారుల మిగులును చూపే త్రిభుజం ఎత్తులోకి 12 రూపాయలూ చొరబడ్డాయన్న మాట. అడుగు 26ను అదనపు ఎత్తు 12తో గుణించి సగం చేస్తే 156.

అవి ఎలా చొరబడ్డాయో చూద్దాం. పన్ను లేనప్పుడు ధర ఒక్కటే, 50 రూపాయలు, 30 వేల క్యాన్లు. పన్ను వచ్చాక ధరలు రెండవుతాయి. కొనేవాళ్ల చేతిలోంచి పోయేది 58, అమ్మేవాళ్ల చేతిలో మిగిలేది 46, అమ్ముడయ్యేది 26 వేల క్యాన్లు. పన్ను అమ్మేవాళ్ల మీద కాబట్టి మీరు సప్లై గీతను 12 రూపాయలు పైకి జరిపి ఉంటారు. అది తప్పు కాదు, క్లాసులో అలాగే చెబుతారు. జరిపిన గీత డిమాండ్‌ను 58 దగ్గర తాకుతుంది. ఆ 58ని తీసుకుని, పాత గీత మొదలయ్యే 20ని అందులోంచి తీసేసినట్టున్నారు. 38ని 26తో గుణించి సగం చేస్తే మీ 494 వచ్చేస్తుంది.

పాత గీత వాడితే పాత గీత మీది ధరే వాడాలి. 46లోంచి 20 పోతే 26, దాన్ని 26తో గుణించి సగం చేస్తే 338. కొత్త గీతే కావాలంటే అదీ సరే, కానీ అది 20 దగ్గర కాదు, 32 దగ్గర మొదలవుతుంది. 58లోంచి 32 పోయినా 26 మిగులుతుంది, జవాబు మళ్లీ 338. ఒక గీత నుంచి ధర, ఇంకో గీత నుంచి మొదలు తీసుకుంటేనే గొడవ. నా మటుకు గీతలు జరపడం మానేయమంటాను. రెండు గీతలనూ ఉన్నచోటే ఉంచి, వాటి మధ్య ఎత్తు సరిగ్గా 12 ఉండే Q ఎక్కడుందో వెతకండి. అప్పుడు పన్ను ఎవరి పేరు మీద వసూలు చేస్తారన్న ప్రశ్నే లెక్కలోకి రాదు. కొనేవాళ్లే నేరుగా కట్టాలన్నా 58, 46, 26 మారవు.

ఇక షీట్. B1 నుంచి B4 దాకా వరుసగా 55, 0.5, 20, 1 పెట్టండి, B5లో పన్ను 12. సప్లైలో 20కి ముందున్న మైనస్ గుర్తును ఫార్ములాలే చూసుకుంటాయి, గడిలో 20 అనే కొట్టండి. B7 నుంచి కిందికి ఇవి:

```
B7   =(B1*B4-B2*B3)/(B2+B4)
B8   =MAX(0,B7-B2*B4*B5/(B2+B4))
B9   =(B1-B8)/B2
B10  =(B8+B3)/B4
B11  =(B1/B2-B9)*B8/2
B12  =(B10-B3/B4)*B8/2
B13  =B5*B8
B14  =(B9-B10)*(B7-B8)/2
B15  =ROUND(SUM(B11:B14)-(B7^2/B2+B7^2/B4)/2,6)
```

B7 పన్నుకు ముందు అమ్మకం, B8 పన్ను తర్వాతిది. B9 కొనేవాళ్ల ధర, B10 అమ్మేవాళ్ల ధర. B11, B12 రెండు మిగుళ్లు, B13 పన్ను ఆదాయం. B14 ఎవరి జేబులోకీ చేరని నష్టం, మీ పుస్తకంలో డెడ్‌వెయిట్ లాస్ అని ఉంటుంది. మీ అంకెలకు అది 24. అమ్ముడవ్వకుండా ఆగిపోయిన 4 వేల క్యాన్ల వల్ల వచ్చినది అదే. 676, 338, 312, 24 కలిపి చూడండి, మీ పాత 1350 తిరిగి వస్తుంది.

B15 ఆ కూడికనే చేస్తుంది. అక్కడ సున్నా రావాలి. మీ పద్ధతిలో చేస్తే 156 కనిపించేది. పన్ను ఆదాయానికి పాత అమ్మకం 30ని వాడేవాళ్లూ చాలామందే, వాళ్లకు 48 కనిపిస్తుంది. ROUND ఎందుకంటే వాలు 0.3 లాంటివి పెట్టినప్పుడు షీట్ దశాంశాల చివర చిన్న తేడా వదిలి, సున్నా రావాల్సిన చోట 0.0000000001 లాంటిది చూపించవచ్చు. అయితే ఈ గడి అన్ని తప్పులూ పట్టదు. 12 బదులు 21 కొట్టినా అది నిశ్చింతగా సున్నాయే చూపిస్తుంది.

B11లో B1/B2 ఎందుకు వచ్చిందో ఒక మాట. డిమాండ్ మీకు Q రూపంలో ఇచ్చారు కాబట్టి 55 అనేది ధర కాదు, ధర సున్నా అయినప్పుడు అడిగే క్యాన్ల సంఖ్య. ఎవరూ కొనని ధర 55ను 0.5తో భాగిస్తే వచ్చే 110. ఇక్కడ మీరు తప్పలేదు. తప్పిన వాళ్లకు వినియోగదారుల మిగులు మైనస్‌లో వస్తుంది కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. అంకెల యూనిట్లు కూడా రాయండి. ధర రూపాయల్లో, Q వేలల్లో ఉంది కనుక 676 అంటే 676 వేల రూపాయలు. వైవాలో ముందు అడిగేది అదే.

ఇంటర్నెట్‌లో ఒక షార్ట్‌కట్ కనిపిస్తుంది. వినియోగదారుల మిగులు Q²/(2b), ఉత్పత్తిదారుల మిగులు Q²/(2d), ఇందులో b, d రెండు గీతల వాలులు, అంటే సమీకరణాల్లో P ముందున్న 0.5, 1. ధరలతో పనే లేదు. మీ అంకెలకు 26² అంటే 676, దాన్ని 1తో, 2తో భాగిస్తే 676, 338. బాగుంది కదా, నేనూ B15లో పాత మొత్తానికి దీన్నే వాడాను. కానీ దీనికి రెండు గోతులున్నాయి.

ఒకటి, సప్లై గీత ధర అక్షాన్ని కాకుండా Q అక్షాన్ని తాకే సందర్భం. సప్లై Qs = 10 + 0.4P అనుకోండి. డిమాండ్ మీదే ఉంచితే పన్ను లేనప్పుడు ధర 50, అమ్మకం 30, మునుపటిలాగే. షార్ట్‌కట్ ఉత్పత్తిదారుల మిగులు 1125 అంటుంది. అసలు జవాబు 1000. ధర సున్నా దగ్గరే 10 వేల క్యాన్లు వస్తున్నాయి కాబట్టి ఆ బొమ్మ త్రిభుజం కాదు, ఒక పక్క 10, ఇంకో పక్క 30, మధ్య 50 ఎత్తు ఉన్న ట్రెపీజియం. షార్ట్‌కట్ ధర సున్నా కంటే కిందికి వెళ్లి, మైనస్ 25 రూపాయల దాకా ఉన్న ఊహా త్రిభుజాన్ని కూడా కలిపేసింది, దాని వైశాల్యం 125. పై షీట్‌లో B3 మైనస్ అయితే B12లోనూ ఇదే జరుగుతుంది, B15 కూడా అదే షార్ట్‌కట్ మీద నడుస్తుంది కాబట్టి పట్టుకోదు. అలాంటి లెక్క వస్తే B12ను ఇలా మార్చండి, కూడిక చూసుకోవడం మాత్రం చేత్తో చేయాల్సిందే:

```
=B10*(B8-B3)/2
```

రెండోది పన్నును పెంచుతూ పోయేవాళ్లకు. ప్రాజెక్టులో ఎలాగూ ఒక గ్రాఫ్ అడుగుతారు కాబట్టి మీరూ చేస్తారు. పన్ను 12 నుంచి 24 చేస్తే ఆదాయం 312 నుంచి 528కే పెరుగుతుంది, కానీ నష్టం 24 నుంచి 96కి, అంటే నాలుగింతలవుతుంది. 45 రూపాయల దగ్గర ఆదాయం 675, అంతకు మించి రాదు. అక్కడి నుంచి పన్ను పెంచిన కొద్దీ తగ్గుతుంది. 90 దగ్గర అమ్మకమే ఆగిపోతుంది. 90 దాటాక MAX లేని షీట్‌లో Q మైనస్ అవుతుంది. షార్ట్‌కట్ దాన్ని వర్గం చేసి ప్లస్ చేసేస్తుంది కాబట్టి, మార్కెట్టే లేని చోట మిగుళ్లు మళ్లీ పెరుగుతున్నట్టు గ్రాఫ్ పైకి లేస్తుంది. అంత అందంగా వంగిన గీతను చూసి అనుమానించే వాళ్లు తక్కువ. B14లో B5 బదులు B9-B10 పెట్టిందీ ఇందుకే. పన్ను 200 వేసినా రెండు గీతల మధ్య ఎత్తు 90 దగ్గరే ఆగుతుంది, నష్టం 1350 దాటదు.

ఈ 12 రూపాయల భారం ఎవరి మీద ఎంత పడిందో కూడా మీ షీట్‌లోనే ఉంది, వేరే ఫార్ములా అక్కర్లేదు. కొనేవాళ్లు 8 ఎక్కువ ఇస్తున్నారు, అమ్మేవాళ్లకు 4 తక్కువ వస్తోంది. మీరు డిమాండ్ వాలు 0.5 తీసుకున్నారు, సప్లైది 1. ధర మారినా కొనడం పెద్దగా తగ్గించుకోలేని వాళ్ల మీదే ఎక్కువ పడుతుంది. బోరు ఎండిపోయిన పీజీలో క్యాన్ మానేయడం ఎలా కుదురుతుంది? B2ను 0.25 చేసి చూస్తే కొనేవాళ్ల వాటా 9.60 అవుతుంది. అప్పుడు పన్నుకు ముందు ధర, అమ్మకం కూడా మారిపోతాయి, కాబట్టి పాత 50తో పోల్చవద్దు. B5ను ఒకసారి సున్నా చేసి కొత్త ధర నోట్ చేసుకుని, దానితో పోల్చండి.

చివరగా, క్యాన్‌కు 12 రూపాయలు అని మీరు పెట్టుకున్నది లెక్క కోసం, బిల్లు మీద వచ్చే జీఎస్టీ శాతంలో ఉంటుంది. పెట్రోలు మీద కేంద్ర ఎక్సైజ్ సుంకం లీటరుకు ఇన్ని రూపాయలని ఉంటుంది, ఈ షీట్ దానికి నేరుగా సరిపోతుంది. శాతానికి కావాలంటే B5లో 25% అని పెట్టి, నాలుగు గడులు మార్చాలి:

```
B8   =MAX(0,B4*B10-B3)
B9   =B10*(1+B5)
B10  =(B1+B3)/(B2*(1+B5)+B4)
B13  =(B9-B10)*B8
```

అమ్మేవాళ్ల ధర సుమారు 46.15, కొనేవాళ్లది 57.69 రావాలి, పన్ను ఆదాయం 301.78. మిగతా గడులు ముట్టుకోనక్కర్లేదు, B15 ఇక్కడా సున్నాయే చూపించాలి. ఈ రూపంలో పన్ను శాతాన్ని 450 కంటే పైకి తీసుకెళ్లవద్దు, ఆ తర్వాత అమ్మకం సున్నా అయినా B9, B10 గడుల్లో ధరలు కనిపిస్తూనే ఉంటాయి, వాటికి అర్థం ఉండదు.