మేనేజర్ ఏనాడూ తప్పు పట్టలేదు, మరి ప్రొబేషన్ ఎందుకు పొడిగించారు?

"బెంగళూరులో తొమ్మిదేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి లండన్ వచ్చాను. ఆరు నెలల ప్రొబేషన్‌ను మరో మూడు నెలలు పొడిగించారు. నేను ఎక్కడా కనబడటం లేదని, ఎవరితోనూ కలవనని అంటున్నారు. ఇన్నాళ్లూ ఒక్క తప్పూ చెప్పలేదు. వచ్చే నెల ఉద్యోగం మానేసి నా దగ్గరికి రావాలనుకుంటున్న భార్యకు ఈ మాట చెప్పలేకపోతున్నాను."

మీ మేనేజర్ చెప్పే ఉంటారని, అది తప్పు పట్టడంలా మీ చెవిన పడి ఉండదని నా అనుమానం. మన ఆఫీసులో లీడ్ "ఇలా కాదు, మళ్లీ చెయ్యి" అంటే సందేహానికి తావుండదు. లండన్‌లో అదే మాట "దీన్ని ఇంకోలా రాస్తే ఎలా ఉంటుందో చూస్తారా" అని రావచ్చు. అక్కడివారి నోట "క్వైట్ గుడ్" చాలాసార్లు "ఫరవాలేదు" అనే అర్థంలోనే వస్తుంది. మనం దాన్ని మెప్పు అనుకుంటాం. ఈ ఆరు నెలల ఈమెయిళ్లు తీసి "బహుశా", "కొంచెం", "వీలైతే" వంటి మాటలున్న వాక్యాలను ఒక కాగితం మీద రాసుకోండి. ఏ విషయం రెండుసార్లు కనబడుతుందో దాన్ని తప్పక మార్చుకోవలసినదిగానే తీసుకోండి.

ఆ కాగితంతో మేనేజర్‌ను అరగంట సమయం అడగండి. "కనబడటం" అంటే ఏ పనిలో, ఏ మీటింగులో అని అడిగి, "రిలీజుకు ముందు టెస్టింగ్ రిస్కులు మీరే వివరించాలి" అన్నంత స్పష్టమైన జవాబు వచ్చేవరకు వదలకండి. మీకు అర్థమైనదాన్ని, గడువుతో సహా, ఆ రోజే మూడు వాక్యాల ఈమెయిల్‌గా పంపండి.

క్లయింట్ కాల్‌లో లీడ్ మాట్లాడుతుంటే మిగతావారు మ్యూట్‌లో ఉండటం మనకు మర్యాద. అక్కడ ఆ మౌనాన్ని అభిప్రాయమే లేదని అర్థం చేసుకుంటారు. అందువల్ల ముందురోజే అజెండా చూసుకుని, "పేమెంట్ మాడ్యూల్‌లో రెండు లోపాలు మిగిలాయి, గురువారం రిలీజ్ వద్దని నా అభిప్రాయం" వంటి ఒక్క వాక్యం సిద్ధం చేసుకుని, మీటింగ్ మొదట్లోనే చెప్పండి. మీరు చేసిన పనికి "మేము" అనకండి. అలా అంటే అది ఎవరి పనో వారికి తెలియదు.

ఇక పిచ్చాపాటీకి పెద్ద కసరత్తు అక్కరలేదు. "యూ ఆల్‌రైట్?" అనేది పలకరింపే, ఆరోగ్య విచారణ కాదు, అంతే చిన్నగా బదులిచ్చి తిరిగి పలకరించండి. సోమవారం శని, ఆదివారాల గురించి ఒక చిన్న సంగతి చెప్పి, వారిదీ అడగండి. జీతం, పెళ్లి, పిల్లల ప్రస్తావన మీరుగా తేవద్దు.

ఒకవేళ రాతపూర్వకంగా అడిగినా స్పష్టత ఇవ్వకుండా, మీలాగే మౌనంగా ఉండే ఇతరులను వదిలి మీ యాసనే ఎత్తిచూపుతుంటే, అది మీరు సర్దుకోవలసిన విషయం కాదు. తేదీలతో రాసిపెట్టుకుని, ఉద్యోగ సమస్యలపై ఉచితంగా సలహా ఇచ్చే బ్రిటన్ సంస్థ ఏకాస్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.

మీ భార్యకు మాత్రం ఈ రాత్రే చెప్పండి. మీ వీసా ఈ ఉద్యోగంతో ముడిపడి ఉంటే ఆమె ప్రయాణమూ దానిమీదే ఆధారపడుతుంది. కన్ఫర్మేషన్ లెటర్ మీ చేతికి వచ్చేదాకా ఆమెను రాజీనామా ఇవ్వవద్దనండి.